ఒకటో తారీకు, జీతం లేదు

పొద్దున్నే ఫోన్ చూశాను. ఒకటో తారీకు, జీతం పడలేదు. పడదని తెలుసు, అయినా గుండె జారింది.

చట్టం ఇచ్చిన 26 వారాల ప్రసూతి సెలవు పూర్తి జీతంతోనే గడిచింది. పాప ఇంకా పాలు వదల్లేదని మరో మూడు నెలలు జీతం లేని సెలవు అడిగాను. ఈ మూడు నెలలే అసలు పరీక్ష.

ఇంటి ఖర్చు నెలకు 68 వేలు, ఈయన జీతం 42 వేలు. నెలకు 26 వేలు తక్కువ, మొత్తం 78 వేలు. అందుకే నా జీతం వస్తున్న ఆరు నెలలూ నెలకు 13 వేలు ఆర్‌డీలో వేశాం. అది నిన్నే చేతికొచ్చింది. ఇంటి లోను నా ఖాతాలోంచి ఐదో తారీకున కట్ అవుతుంది కాబట్టి ముందు ఆ డబ్బు అందులో వేసేశాను. ఆ వాయిదా బౌన్స్ అయితే జరిమానాతో పాటు సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది.

ఒకటి మాత్రం లెక్కలో రాలేదు. అమ్మానాన్నల ఆరోగ్య బీమాకి నెలకు 2,100 నా జీతంలోంచే పోయేది. జీతం లేదు కాబట్టి మూడు నెలలది విడిగా కట్టమని ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. 6,300. నాన్నకి షుగరు, ఆపే ప్రశ్నే లేదు.

"తొమ్మిదో నెల టీకా ప్రైవేటులో ఎందుకే, మన పీహెచ్‌సీలో ఉచితమేగా" అంది అత్తయ్య. నిజమే. మిగతాది ఈయన బండి సర్వీసింగ్ వాయిదా వేసి సర్దుతున్నాం.

సెలవు పెట్టేముందు మీ పేస్లిప్‌లో కోతల వరుస ఒకసారి చదవండి. నేను వచ్చేదే చూశాను.