ఆరు పివట్ల తర్వాత మళ్లీ మొదటి టాబ్లోకే వచ్చాను: సింప్లెక్స్‌తో నా అనుభవం

షరతులు దాటకుండా z అనే ఒక విలువని మాక్సిమైజ్ చేసే సింప్లెక్స్ పద్ధతిలో, టాబ్లో అనే అంకెల పట్టిక చేతితో వేయడం వచ్చేసింది అనుకునే రోజులవి. z రోలో బాగా మైనస్ ఉన్న కాలమ్ పట్టుకోవడం, కుడి వైపు అంకెల్ని ఆ కాలమ్‌లోని ప్లస్ అంకెలతో భాగించి చిన్నది వెతికే రేషియో టెస్ట్ పెట్టడం, ఆ రోలోని వేరియబుల్‌ని పంపి కొత్తదాన్ని తెచ్చే పివట్ చేయడం, మైనస్‌లు అయిపోయేదాకా ఇదే పని. కుడి వైపు కాలమ్‌లో సున్నా వస్తే ఏమవుతుందో మాత్రం ఎప్పుడూ కూర్చుని ఆలోచించలేదు. అది రెండు లెక్కల్లో తెలిసొచ్చింది, ఒకటి చిన్నది, రెండోది ఒక సాయంత్రం మొత్తం పట్టింది.

చిన్నది ఇది. 3x + 2y ని మాక్సిమైజ్ చేయాలి, షరతులు 2x + y ≤ 10, x + y ≤ 8, x ≤ 5, ఇంకా x, y సున్నా కంటే తగ్గకూడదు. ఒక్కో షరతుకి మిగులుని చూపే ఒక్కో స్లాక్ వేరియబుల్ పెడితే మొదటి టాబ్లో ఇలా వస్తుంది:

```
      x   y  s1  s2  s3 | RHS
z    -3  -2   0   0   0 |   0
s1    2   1   1   0   0 |  10
s2    1   1   0   1   0 |   8
s3    1   0   0   0   1 |   5
```

-3 పెద్ద మైనస్ కాబట్టి x లోపలికి వస్తుంది. రేషియోలు చూస్తే 10/2 = 5, 8/1 = 8, 5/1 = 5. రెండు అయిదులు, అంటే టై. నేను పెద్దగా ఆలోచించకుండా s3 ని బయటికి పంపాను, ఎందుకంటే ఆ రోలో లెక్క సులువు, పివట్ ఎలాగూ 1 కదా. ఇలా వచ్చింది:

```
      x   y  s1  s2  s3 | RHS
z     0  -2   0   0   3 |  15
s1    0   1   1   0  -2 |   0
s2    0   1   0   1  -1 |   3
x     1   0   0   0   1 |   5
```

s1 బేసిస్‌లోనే, అంటే ఎడమ వైపు రాసిన వేరియబుల్స్‌లోనే, ఉంది కానీ విలువ సున్నా. దీన్నే డీజెనరేట్ అంటారు. ఇప్పుడు y రావాలి, రేషియోలు 0/1 = 0, 3/1 = 3, చిన్నది సున్నా, కాబట్టి s1 పోయి y వచ్చింది, సున్నా విలువతోనే వచ్చింది. z 15 దగ్గర కదల్లేదు. ఇక్కడ లెక్క తప్పానేమో అని మూడుసార్లు సరిచూసుకున్నాను, తప్పేమీ లేదు. గ్రాఫ్ గీసి చూశాకే అర్థమైంది: (5, 0) మూల దగ్గర 2x + y = 10, x = 5, y = 0 మూడు గీతలూ ఒకేచోట కలుస్తున్నాయి. రెండు వేరియబుల్స్ ఉన్నచోట మూలని గుర్తించడానికి రెండు గీతలు చాలు, ఇక్కడ ఒకటి ఎక్కువుంది, అందుకే అదే మూలకి ఒకటి కంటే ఎక్కువ బేసిస్‌లు ఉన్నాయి. నేను చేసిన పివట్ మూల నుంచి కదలడం కాదు, నిలబడ్డ చోటే పేరు మార్చుకోవడం. తర్వాత పివట్‌లో z రోలో s3 కింద -1 ఉంది, s3 లోపలికి వచ్చింది, రేషియోలు 3, 5, s2 పోయింది, x = 2, y = 6, z = 18, అయిపోయింది. మొత్తం మూడు పివట్లు.

అదే టై దగ్గర s3 బదులు s1 ని పంపి ఉంటే? అదీ చేసి చూశాను. అప్పుడు s3 రోకి కుడి వైపు సున్నా వస్తుంది, కానీ y కాలమ్‌లో ఆ రోలో ఉన్నది -1/2, మైనస్ కాబట్టి రేషియో టెస్ట్‌లోకే రాదు, మిగతా రెండు రేషియోలు 10, 6, నేరుగా y = 6 కి వెళ్లిపోయి రెండు పివట్లలోనే 18 వచ్చేసింది. సున్నా ఉన్నంత మాత్రాన ఆగిపోం, లోపలికి వచ్చే కాలమ్‌లో ఆ సున్నా రోకి ఎదురుగా ప్లస్ అంకె ఉంటేనే ఆగుతాం. ఈ ఒక్క మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇక రెండో లెక్క. మా సీనియర్ ఒకాయన నా నోట్స్ చూసి "డీజెనరేట్ పివట్ చూశావు సరే, సైక్లింగ్ చూశావా, బీల్ లెక్క ఒకసారి చేతితో చెయ్యి, కోడ్ రాయకు" అన్నారు. సైక్లింగ్ అంటే పివట్లు చేస్తూ పోతే మళ్లీ పాత బేసిస్‌కే తిరిగి రావడం. బీల్ 1955లో ఇచ్చిన ఉదాహరణ అది, నేను మాక్సిమైజ్ రూపంలో రాసుకున్నాను. స్లాక్‌లు కాక నాలుగు వేరియబుల్స్ a, b, c, d, ఏదీ సున్నా కంటే తగ్గకూడదు:

```
max  3/4 a - 20 b + 1/2 c - 6 d

1/4 a -  8 b -     c + 9 d + s1           = 0
1/2 a - 12 b - 1/2 c + 3 d      + s2      = 0
                   c                 + s3 = 1
```

మొదలుపెట్టడమే కుడి వైపు రెండు సున్నాలు. నా రూల్ మామూలుదే, z రోలో అన్నిటికంటే పెద్ద మైనస్ లోపలికి, టై వస్తే పై రో బయటికి. z రోలో మొదట ఉన్నవి a కింద -3/4, c కింద -1/2. a వచ్చింది, రెండు రోల రేషియోలూ సున్నాలే, పై రో కాబట్టి s1 పోయింది. z రో మారింది, b కింద -4, c కింద -7/2. b వచ్చి s2 పోయింది. z రోలో ఇప్పుడు c కింద -2 ఒక్కటే మైనస్, ఒక్కటే మిగిలింది కదా, దగ్గరపడ్డాం అనుకున్నాను. c వచ్చింది, మళ్లీ టై, a పోయింది. వెంటనే d కింద -3, s1 కింద -2 పుట్టాయి. d వచ్చి b పోయింది. తర్వాత s1 కింద -1, a కింద -1/2, పెద్ద మైనస్ కాబట్టి s1 వచ్చింది, టై, c పోయింది. తర్వాత s2 కింద -2, a కింద -7/4, s2 వచ్చి d పోయింది.

ఏడో టాబ్లో రాయడం పూర్తయ్యాక a కాలమ్‌లో 1/2, b లో -12, c లో -1/2, d లో 3 కనిపించాయి. ఎక్కడో చూశానే అనిపించి మొదటి పేజీ తిప్పితే అదే రో, పక్కన s1 రో కూడా అదే, z రో కూడా -3/4, 20, -1/2, 6, అంకెకి అంకె సరిపోయింది. బేసిస్‌లో మొదటి రెండు చోట్లు వరుసగా ఇలా తిరిగాయి: s1 s2, a s2, a b, c b, c d, s1 d, మళ్లీ s1 s2. మూడోది s3 అసలు కదల్లేదు. ఆరు పివట్లలో ప్రతిసారీ చిన్న రేషియో సున్నానే, z ఒక్కసారి కూడా సున్నా నుంచి పైకి లేవలేదు. నా రూల్ ప్రకారం అదే టాబ్లో నుంచి ఎప్పుడూ అదే పివట్ వస్తుంది కాబట్టి ఇది ఎన్నిసార్లు చేసినా ఇలాగే తిరుగుతుంది.

నన్ను ఎక్కువగా తప్పుదారి పట్టించింది z రోనే. z విలువ కదలకపోయినా ఆ రోలో అంకెలు ప్రతిసారీ మారుతున్నాయి, ఒకసారి రెండు మైనస్‌లు, ఒకసారి ఒకటే, అందుకే పని ముందుకి పోతున్నట్టే అనిపిస్తుంది. అలాగని z కదలకపోతే సైక్లింగే అని కూడా అనలేం, మొదటి లెక్కలో ఒక పివట్ ఆగి తర్వాత పోయింది కదా. నిజమైన గుర్తు ఒక్కటే, ముందు వచ్చిన బేసిస్ మళ్లీ రావడం. ఇందులో ఏడు వేరియబుల్స్‌లో మూడు ఎంచుకోవాలి, గరిష్ఠంగా 35 బేసిస్‌లు, z పెరిగే ప్రతి పివట్‌తో పాత బేసిస్‌లకి దారి మూసుకుపోతుంది. సింప్లెక్స్ ఆగుతుంది అనే రుజువు నిలబడేది దాని మీదే. z పెరగనప్పుడు ఆ తలుపు తెరిచే ఉంటుంది.

అదే రోజు రాత్రి బ్లాండ్ రూల్‌తో మళ్లీ చేశాను, 1977లో వచ్చిన రూల్ అది. వేరియబుల్స్‌కి ఒక వరుస పెట్టుకోవాలి, నేను a, b, c, d, s1, s2, s3 అని పెట్టుకున్నా. z రోలో మైనస్ ఉన్నవాటిలో వరుసలో ముందున్నది లోపలికి, అంకె ఎంత పెద్దదో చూడకూడదు. టైలో కూడా వరుసలో ముందున్నదే బయటికి. మొదటి నాలుగు పివట్లు అచ్చం పాతవే వచ్చాయి, ఇది కూడా తిరిగేలా ఉందే అనిపించింది. తేడా అయిదో పివట్ దగ్గర. అక్కడ a కింద -1/2, s1 కింద -1. పాత రూల్ s1 ని తీసుకుంది, బ్లాండ్ a ని తీసుకుంటుంది. a కాలమ్ చూస్తే c రోలో -5/2, d రోలో -1/4, రెండూ మైనస్‌లు, ఆ సున్నా రోలు రెండూ రేషియో టెస్ట్‌లోంచి తప్పుకున్నాయి. మిగిలింది s3 రో, అక్కడ అంకె 5/2, కుడి వైపు 1, రేషియో 2/5. z మొదటిసారి కదిలింది, సున్నా నుంచి 1/5 కి. ఆరో పివట్‌లో s1 వచ్చి d పోయింది, a = 1, c = 1, s1 = 3/4, z = 5/4, మైనస్‌లు లేవు. అసలు షరతుల్లో పెట్టి చూశాను, 1/4 - 1 + 3/4 = 0, 1/2 - 1/2 = 0, సరిపోయాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి, టై తెంచే పద్ధతి నాకు ముందు నుంచీ బ్లాండ్‌దే, పై రోలో ఉన్నది ప్రతిసారీ వరుసలో కూడా ముందుదే. అయినా సైకిల్ అయ్యింది. బయటికి పంపేది ఒక్కటే బ్లాండ్ ప్రకారం చేసి లోపలికి తెచ్చేది పాత రూల్‌తో చేస్తే హామీ ఏమీ ఉండదు, రెండూ పాటించాలి.

ఇంకోటి, మొట్టమొదటి టైలో s1 బదులు s2 ని పంపితే ఏమవుతుందో కూడా చూశాను. రెండో పివట్‌లో c కాలమ్‌లో పై రెండు రోల్లోనూ మైనస్‌లే వచ్చి s3 బయటికి పోయింది, రెండే పివట్లలో 5/4. చాలా ఆశ్చర్యంగా అనిపించింది కానీ దీన్ని రూల్‌గా తీసుకోలేం, రోలు ఏ వరుసలో రాశామన్నది మన ఇష్టం, ఇంకో లెక్కలో ఇదే ఎంపిక ఎటు తీసుకెళ్తుందో ముందుగా చెప్పలేం.

బ్లాండ్ రూల్ కచ్చితంగా ఆగుతుంది కానీ పెద్ద లెక్కల్లో నెమ్మదిగా నడుస్తుంది, పెద్ద మైనస్ ఎక్కడుందో పట్టించుకోదు మరి. అందుకే తర్వాత రాసుకున్న కోడ్‌లో మామూలుగా పెద్ద మైనస్ రూలే వాడతాను, z కదలని పివట్లు వరుసగా కొన్ని పడితే బ్లాండ్‌కి మారతాను, z కదిలిన వెంటనే పాత రూల్‌కి తిరిగొస్తాను. చేతితో చేసేటప్పుడు మాత్రం ప్రతి టాబ్లో పక్కన మార్జిన్‌లో బేసిస్ పేర్లు రాసుకుంటాను, బీల్ లెక్కలో అలా రాసి ఉంటే ఏడో టాబ్లో అంకెలు వేయకముందే s1, s2, s3 అని చూసి ఆపేసేవాణ్ని.