నొప్పి కొలతకే మందు కొలత

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స ముగిసిన నాలుగేళ్ళకు నా కుడి తుంటిలో నొప్పి మొదలైంది. వయసుతో వచ్చే కీళ్ళనొప్పి అనుకుంటూ నెలలు గడిపాను. క్యాన్సర్ తుంటి ఎముకకు పాకిందని స్కానింగులో తేలేసరికి నేను మంచం దిగలేని స్థితికి వచ్చాను. పారాసెటమాల్‌తో పాటు ట్రమడాల్‌ను రోజుకు 400 మిల్లీగ్రాముల దాకా పెంచారు. ఆ మందుకు అదే హద్దు. అంతకు మించితే మూర్ఛలు వచ్చే ప్రమాదం పెరుగుతుందట. మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని ఎడమ పక్కకు ఒత్తిగిలి, కదలకుండా ఉన్నంతసేపు నొప్పి పదికి ఆరు ఉండేది. మరుగుదొడ్డికని లేచానా, తొమ్మిది.

అప్పుడు ఉపశమన వైద్యం చూసే డాక్టరు గారు మార్ఫిన్ రాశారు. ఆ పేరు వినగానే ఇక నాకు రోజులు దగ్గరపడ్డాయన్న భయం పట్టుకుంది. "నల్లమందులోంచి తీసేదేగా అది? అలవాటు పడితే మానగలవా?" అని అక్క అడిగింది. నల్లమందులోంచి తీసేదన్న మాట నిజమే. ఆ నిజమే మా ఇంట్లో అందరినీ భయపెట్టింది. డాక్టరు గారు చెప్పినంతసేపూ తల ఊపాను గానీ, ఒక్క మాటా చెవికెక్కలేదు.

చీటీలో రాసినది చాలా తేలిక. 10 మిల్లీగ్రాముల బిళ్ళలో సగం, అంటే 5 మిల్లీగ్రాములు, ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు గంటలకు వేసుకోవాలి. రాత్రి పది గంటలకు మాత్రం నిండు బిళ్ళ వేసుకుంటే, నడిరేయి రెండు గంటలకు నిద్ర లేవనక్కరలేదు. మొత్తం రోజుకు 30. నోటి ద్వారా వేసుకున్న మామూలు మార్ఫిన్ బిళ్ళ అరగంటకు పని మొదలుపెట్టి నాలుగు గంటలకు దిగిపోతుంది కాబట్టే ఈ వేళలు. మధ్యలో నొప్పి ఎగదన్నితే అదనంగా మరో సగం బిళ్ళ వేసుకుని, వేసుకున్న వేళ నోటుబుక్కులో రాయమన్నారు.

నేను చేసింది వేరు. ఎంత తక్కువ వేసుకుంటే అలవాటు అంత దూరంగా ఉంటుందనుకుని, పళ్ళ బిగువున ఓర్చుకుని, ఇక భరించలేనన్నప్పుడే బిళ్ళ అడిగేదాన్ని. రోజుకు రెండు, మహా అయితే మూడు సగాలు. నొప్పి తలకెక్కిన తరువాత వేసుకున్న సగం బిళ్ళ దాన్ని పూర్తిగా దించలేకపోయేది. దిగినంత మేరా రెండు గంటల్లో మళ్ళీ ఎక్కేది. అయిదు రోజులకే నా చూపంతా గోడ గడియారం మీద ఉండేది. మా ఆయన బిళ్ళలను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒక సాయంత్రం ఆ తాళంచెవి కోసం నేను ఏడ్చి, ఆయన్ని అనరాని మాట అన్నాను. "చూశావా, అప్పుడే పట్టుకుంది" అని అక్క ఆయనతో గొంతు తగ్గించి అంది. నాకూ అలాగే అనిపించింది.

ఆరో రోజు డాక్టరు గారు నోటుబుక్కు చూసి, "అమ్మా, మీరు రోజుకు 30 వేసుకోవాల్సింది, వేసుకున్నది 10, 15. ఇది వ్యసనం కాదు, చాలని మందు. ఆకలితో ఉన్నవాళ్ళు వంటింటి వైపు చూడరూ, మీరు గడియారం చూసింది కూడా అలాంటిదే" అన్నారు. ఆ తరువాత ఆయన విడమరిచి చెప్పిన తేడా ఈసారి బుర్రకెక్కింది. కొన్ని వారాలు వాడాక మందు హఠాత్తుగా ఆగితే శరీరం తిరగబడుతుంది. అది శరీరం అలవాటు పడటం, మార్ఫిన్ క్రమంగా వాడే ప్రతివారికీ జరిగేదే. వ్యసనమంటే నొప్పితో సంబంధం లేకుండా మందు కోసమే మనసు కొట్టుకోవడం, నష్టం కళ్ళ ముందే కనిపిస్తున్నా ఆగలేకపోవడం. నొప్పికి సరిపడా, గమనిస్తూ వాడేవారిలో అది చాలా అరుదు. అరుదే గానీ అసలు రాదని మాత్రం ఆయన చెప్పలేదు. మొదటి రోజే తాగుడు, నిద్రమాత్రలు, ఇంట్లో ఎవరికైనా వ్యసనాలు ఉన్నాయా అని ఎందుకు అంత గుచ్చి గుచ్చి అడిగారో అప్పుడు అర్థమైంది. ఉంటే మందు మానిపించరు, కొద్ది రోజులకు సరిపడానే ఇచ్చి తరచుగా పిలిపిస్తారు.

మరునాటి నుంచి నొప్పి ఉన్నా లేకున్నా వేళకు వేసుకున్నాను. రెండు రోజులు సగటున రోజుకు నాలుగు సార్లు అదనపు సగం అవసరమైంది. 30కి 20 కలిపితే 50. దాన్ని ఆరు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఎనిమిదికి కొంచెం పైన. బిళ్ళను సగం కంటే చిన్నగా నమ్మకంగా విరవలేం కాబట్టి, పూటకు 10 చేశారు. మోతాదు రెట్టింపు అయినట్టు కనిపించి కంగారు పడ్డాను. నిజానికి నేను అప్పటికే వాడుతున్న 50 నుంచి 60కి పోవడమే అది. మూడు రోజుల తరువాత రోజుకు ఇంకా మూడు అదనపు బిళ్ళలు పడుతుండటంతో, ఆ 30 కూడా కలిపి 90కి, అంటే పూటకు 15కి వెళ్ళాం. అక్కడ నొప్పి మూడు దగ్గర నిలిచింది. ట్రమడాల్‌కు ఉన్నట్టు మార్ఫిన్‌కు పై హద్దు అంటూ లేదని, నొప్పి తగ్గి మనిషి తెలివిగా ఉన్న చోటే సరైన మోతాదని డాక్టరు గారు అన్నారు. స్నానానికి అరగంట ముందు అదనపు మోతాదు వేసుకోవడం నర్సు నేర్పిన కిటుకు. ఆ వారమే మా ఆయన బీరువా తాళం తీసేశారు. నేను గడియారం చూడటం ఎప్పుడు మానేశానో నాకు గుర్తు లేదు.

మగత, వికారం మొదటి నాలుగైదు రోజులే ఉన్నాయి. వికారానికి వారం రోజులు వేరే బిళ్ళ ఇచ్చారు. నన్ను నిజంగా ఏడిపించింది మలబద్ధకం. మార్ఫిన్‌తో పాటే రాత్రిపూట సెన్నా బిళ్ళలు రెండు రాశారు. ఇప్పటికే ఇన్ని మింగుతున్నాను, విరేచనం కాకపోతే అప్పుడు చూద్దాంలే అని వాటిని పక్కన పెట్టాను. అది నా తెలివితక్కువతనం. ఆరు రోజులు విరేచనమే కాలేదు. పొట్ట రాయిలా బిగిసింది, తగ్గిన వికారం మళ్ళీ వచ్చింది. మార్ఫిన్ పడటం లేదనుకుని మానేద్దామా అనుకున్నాం. నర్సు చేతితో పరీక్ష చేసి, ఎనిమా ఇచ్చి, గంట తరువాత నేను కన్నీళ్ళతో బయటికి వస్తే, "మగతకు, వికారానికి శరీరం అలవాటు పడుతుంది, పేగు మాత్రం ఎప్పటికీ అలవాటు పడదమ్మా" అంది. పేగు కదలికనే మార్ఫిన్ మందగింపజేస్తుంది కాబట్టి పీచు ఎక్కువ తినడం ఒక్కటే చాలదు. సెన్నా నాలుగు బిళ్ళలకు పెరిగింది, మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ తోడైంది, నోటుబుక్కులో నొప్పి పక్కన ఇంకో గడి చేరింది.

ఈలోగా తుంటికి ఒకే విడతలో 8 గ్రే రేడియేషన్ ఇచ్చారు. ఆ తరువాత రెండు రోజులు నొప్పి పెరిగింది. అలా జరగవచ్చని ముందే చెప్పారు. మూడో వారానికి తగ్గడం మొదలైంది. సరిగ్గా అప్పుడే రెండు రోజులు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు కూడా నిలవలేదు, మార్ఫిన్ మాత్రం వేళ తప్పకుండా వేసుకున్నాను. మూడో రోజు ఉదయం గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఉలిక్కిపడినట్టు ఎగిరి నీళ్ళన్నీ దుప్పటి మీద ఒలికాయి. కాసేపటికి మళ్ళీ ఎగిరింది. మాట మధ్యలో నిద్రలోకి జారుతున్నానని, తెర మీద పురుగులు పాకుతున్నాయని అన్నానని ఆయన చెప్పారు. నాకు పురుగులు మాత్రం బాగా గుర్తు.

ఆసుపత్రిలో డాక్టరు గారు ముందు ఊపిరి లెక్కపెట్టారు. నిమిషానికి 12. కంటిపాపలు సూదిమొనల్లా చిన్నగా అయ్యాయి. పేరు పిలిస్తే లేస్తున్నాను. ఊపిరి 8 కంటే తగ్గి, పిలిచినా లేవని స్థితిలో అయితే విరుగుడుగా నాలోక్సోన్ ఇవ్వాల్సి వచ్చేది, అదీ కొద్దికొద్దిగా. ఒక్కసారి పూర్తిగా ఇస్తే అణిగిన నొప్పంతా ఒక్కుమ్మడి మీద పడుతుంది. మూత్రపిండాలు మందగిస్తే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 0.9 నుంచి 1.7కి పెరిగింది. మార్ఫిన్‌ను కాలేయం విరిచాక మిగిలే పదార్థాలు మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. నీరు తగ్గి మూత్రపిండాలు మందగించడంతో అవి ఒంట్లో పేరుకున్నాయి. మరోవైపు రేడియేషన్ వల్ల నొప్పి తగ్గిపోవడంతో అదే 90 నాకు ఎక్కువైంది. రెండు పూటల మందు ఆపి, సెలైన్ ఎక్కించి, తరువాత పూటకు 10 చొప్పున ఎనిమిది గంటలకు ఒకసారి మొదలుపెట్టారు. రెండు రోజుల్లో చెయ్యి ఎగరడం ఆగింది, పురుగులు పోయాయి. మగత తిరిగి వచ్చినా, చెయ్యి ఎగిరినా తరువాతి మోతాదు వేసుకోకుండా ముందు ఫోన్ చేయాలని నోటుబుక్కు అట్ట మీద మా ఆయన చేత రాయించారు.

రోజుకు 30 దగ్గర నొప్పి రెండుకు దిగాక, ఇక అవసరం లేదని నేనే ఒక రోజు పూర్తిగా ఆపేశాను. చెప్పింది విననందుకు శాస్తి మరునాడే జరిగింది. ఆగని ఆవులింతలు, ముక్కు కారడం, ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకోవడం, కడుపులో మెలిపెట్టి విరేచనాలు. ఇంత బాధలోనూ నేను గమనించింది ఒకటుంది. ఒళ్ళు తిరగబడింది గానీ, మనసు బిళ్ళ కోసం కొట్టుకోలేదు. వెళ్ళి సగం బిళ్ళ వేసుకుంటే గంటలో అంతా సర్దుకుంది. తరువాత డాక్టరు గారు చెప్పినట్టే మూడు నాలుగు రోజులకు ఒకసారి తగ్గిస్తూ 20కి, 10కి, 5కి దిగి, మూడో వారం మొదట్లో ఆపేశాను. సెన్నా ఇంకో నాలుగు రోజులు వాడి ఆపాను.

మిగిలిన 23 బిళ్ళలను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నర్సు రెండుసార్లు లెక్కపెట్టి, రిజిస్టరులో రాసి, నా చేత సంతకం చేయించింది. ఎముకలో వ్యాధి పోలేదు, హార్మోన్ బిళ్ళలతో అదుపులో ఉంది. మెట్లెక్కితే తుంటి ఇప్పటికీ రెండు దాకా నొప్పి పెడుతుంది, పారాసెటమాల్‌తో సరిపోతోంది. అది ఆరుకు చేరితే మళ్ళీ మార్ఫిన్ మొదలుపెట్టాల్సి ఉంటుందని అక్కతో అంటే, "మొదటి రోజు నుంచే సెన్నా వేసుకో" అంది.