జర్మన్ సర్వీస్ మాన్యువల్‌ను ప్లాంటు దాటనివ్వకుండా అనువదించుకున్న తీరు: నా అనుభవం

మాది మందుల ఫ్యాక్టరీ. బ్లిస్టర్ ప్యాకింగ్ మెషీన్ జర్మనీ నుంచి వచ్చింది. ఆపరేటర్ మాన్యువల్ ఇంగ్లీషులోనే ఇచ్చారు గానీ, సర్వీస్ మాన్యువల్, అలారం లిస్టు మాత్రం జర్మన్‌లో ఉన్నాయి. రాత్రి షిఫ్టులో మెషీన్ ఆగితే మెయింటెనెన్స్ వాళ్ల చెయ్యి మొదట ఫోన్ మీదికే పోతుంది. పేజీకి ఫోటో తీసి ఏదో ఒక ఉచిత అనువాద యాప్‌లో పెట్టేస్తారు. ఆ అలవాటు మాన్పించాలంటే వద్దంటే సరిపోదు, దాని బదులు ఇంకో దారి చూపించాలి.

ముందు, ఆ ఫోటోలో అలారం వాక్యంతో పాటు ఏమేం వెళ్తాయో చూడండి. పేజీ అడుగున మెషీన్ సీరియల్ నంబరు, ఆర్డరు నంబరు, కొనుగోలుదారు పేరు ఉంటాయి. సర్వీస్ మాన్యువల్లో సర్వీస్ లెవెల్ పాస్‌వర్డు అచ్చయి ఉండటం మామూలే. సీలింగ్ ఉష్ణోగ్రత, పీడనం, వేగం మూడూ ఒకే పట్టికలో ఉంటే అది మన ప్రాసెస్ రహస్యమే. పీడీఎఫ్ మొత్తం అప్‌లోడ్ చేస్తే ఫైలు రాసినవాళ్ల పేర్లు, కామెంట్లు, లోపల దాగిన డ్రాయింగులు కూడా దాంతోపాటే పోతాయి.

పోతే ఏమవుతుందన్న ప్రశ్నకు 2017లోనే జవాబు దొరికింది. నార్వే ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే బయటపెట్టిన విషయం ఇది: ఆ దేశపు చమురు కంపెనీ స్టాటాయిల్ ఉద్యోగులు ఒక ఉచిత అనువాద సైట్లో అతికించిన పాఠాలు గూగుల్ వెతుకులాటలో ఎవరికైనా కనబడ్డాయి. కాంట్రాక్టులు, పాస్‌వర్డులు, ఉద్యోగ తొలగింపు లేఖలు అందులో ఉన్నాయి. అక్కడ హ్యాకింగేమీ జరగలేదు. అతికించింది సైట్లో నిల్వ ఉండిపోయింది, అంతే. అన్ని సైట్లూ అలా బయట పెట్టవు. కానీ డీప్ఎల్ అనే అనువాద సైట్ ఉచిత రకం, అతికించిన పాఠాన్ని తన వ్యవస్థను మెరుగుపరచుకోవడానికి వాడుకుంటుందని షరతుల్లోనే రాసుకుంది. డబ్బు కట్టే రకంలో అనువాదం కాగానే తీసేస్తామంటుంది. కంపెనీ పేరు ఒకటే, షరతులు వేరు. అందుకే ‘ఫలానా సైట్ మంచిదేగా’ అన్న మాటకు అర్థం లేదు. మెషీన్ తయారీదారుతో మనం సంతకం పెట్టిన గోప్యతా ఒప్పందంలో మూడో పక్షానికి ఇవ్వరాదని ఉంటే, ఏ సైటైనా మూడో పక్షమే.

అనువాదానికి దిగేముందు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది దాన్ని దాటేస్తారు. మెషీన్ మీద యూరప్ నిబంధనలకు తగ్గట్టుందని తెలిపే సీఈ గుర్తు ఉంటే తయారీదారుకు రాసి, మాన్యువల్ నంబరు చెప్పి ఇంగ్లీషు ప్రతి అడగండి. యూరప్ మెషినరీ డైరెక్టివ్ 2006/42 ప్రకారం, ఏ సభ్యదేశంలో అమ్మితే ఆ దేశపు అధికార భాషలో సూచనలివ్వాలి. అదే మెషీన్ ఐర్లాండ్‌కు వెళ్లి ఉంటే ఇంగ్లీషు ప్రతి తయారై ఉండొచ్చు. అయితే తయారీదారు పంపే నిపుణుల కోసం రాసిన మెయింటెనెన్స్ సూచనలకు మినహాయింపుంది, అవి ఒకే భాషలో ఉన్నా చెల్లుతుంది. మాకు జర్మన్‌లోనే మిగిలింది సరిగ్గా ఆ భాగమే.

దానికోసం సొంత కంప్యూటర్లోనే నడిచే అనువాద సాఫ్ట్‌వేర్ లిబ్రెట్రాన్స్‌లేట్‌ను ప్లాంటు కంప్యూటర్‌లో పెట్టుకున్నాం. ఐటీ వాళ్ల అనుమతితోనే పెట్టాలి.

```
pip install libretranslate
libretranslate --load-only de,en
```

మొదటిసారి భాషా ఫైళ్లు దిగడానికి ఇంటర్నెట్ కావాలి. తర్వాత నెట్‌వర్క్ కేబుల్ తీసేసి బ్రౌజర్లో `http://127.0.0.1:5000` తెరవండి. అప్పుడూ అనువాదం వస్తే పాఠం బయటికి పోవడం లేదన్నమాట. కేబుల్ తీసి చూడకుండా ఏ ‘ఆఫ్‌లైన్’ సాధనాన్నీ నేను నమ్మను. బ్రౌజర్లో పేజీని అనువదించే ఎక్స్‌టెన్షన్లకు కూడా ఇదే పరీక్ష పెట్టాలి. వాటిలో చాలావరకు పేజీలోని పాఠాన్ని సర్వర్‌కు పంపేవే.

లోకల్ సాధనం నాణ్యత ఆన్‌లైన్ వాటికంటే తక్కువే. అలారం లిస్టులోని చిన్న వాక్యాలు బాగానే వస్తాయి. పొడవాటి వాక్యాల్లో తేడా వస్తుంది. ముఖ్యంగా ‘పీడనం 0,5 బార్ కంటే ఎక్కువుండగా తెరవరాదు’ లాంటి చోట ‘రాదు’ ఎగిరిపోతే మనిషికే ప్రమాదం. అంకెలూ అంతే. జర్మన్‌లో కామా దశాంశ బిందువు, చుక్క వేలను విడదీసే గుర్తు. అక్కడి 1.500 అంటే పదిహేను వందలు, ఒకటిన్నర కాదు. అందుకే అంకెలున్న ప్రతి వరుసనూ, హెచ్చరిక గుర్తున్న ప్రతి పేరానూ మూలం పక్కన పెట్టుకుని ఒక మనిషి చదవాల్సిందే.

అలా చదివాక కూడా అర్థం కాని వాక్యాలు కొన్ని మిగులుతాయి. వాటిని తయారీదారు సర్వీస్ విభాగానికే పంపుతాం, పత్రం వాళ్లదే కాబట్టి గోప్యత గొడవ లేదు. జవాబు ఆలస్యమైతే, కంపెనీ ఒప్పందం ఉన్న అనువాదకుడికి ఆ వాక్యం ఒక్కటే వెళ్తుంది. అందులో మెషీన్ మోడల్‌కు, కస్టమర్ పేరుకు, సెట్టింగు విలువలకు బదులు `ZX01Q`, `ZX02Q` అని రాస్తాం, ఏది దేనికో చూపే జాబితా మా దగ్గరే ఉంచుకుంటాం. తిరిగొచ్చాక పంపిన గుర్తులన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసి అసలు విలువలు పెడతాం. పాస్‌వర్డులున్న పేజీ మాత్రం మసకపరిచి కూడా పంపం.

తయారైన ఇంగ్లీషు అలారం లిస్టు మూల పత్రమంత గోప్యమే. దాన్ని ప్రింటు తీసి మెషీన్ ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించాం. రాత్రి షిఫ్టులో ఇప్పుడు ఫోన్ కంటే ముందు కనబడేది అదే.