నాలుగు నిమిషాల డ్యాన్సుకి పట్టు లంగా: మా పాపను తయారు చేసిన అనుభవం

మా పాపకి ఎనిమిదేళ్లు. స్కూల్లో కల్చరల్ ప్రోగ్రాం. గ్రూప్ డ్యాన్సు నాలుగు నిమిషాలే అయినా, తయారై రెండు గంటల ముందే రమ్మన్నారు. అంటే ఆ బట్టల్లో పిల్ల గంతులేసేది కాసేపే, మిగతా సమయమంతా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. అందుకే నిలబెట్టి కాకుండా, కూర్చోబెట్టి కొలతలు చూశాను.

మొదట నడుము సంగతి. లంగా జారకూడదని బొందు బిగించి కడతాం. నిలబడ్డప్పుడు సరిగ్గానే ఉంటుంది. కూర్చోగానే పొట్ట ముందుకొస్తుంది, బొందు కోసుకుపోతుంది. వదులుగా కడితే అంచు కాళ్ల కింద పడుతుంది. చిన్నపిల్లలకు లంగా ఆగడానికి నడుము వంపు ఉండదు కదా, ఎంత కట్టినా ఈ రెంటిలో ఏదో ఒకటి తప్పదు. దీనికి మంచి ఉపాయం బాడీ లంగా. చేతుల్లేని కాటన్ బాడీ కుట్టి, దాని కింది అంచుకి లంగా కుచ్చిళ్లు కలపాలి. బరువంతా భుజాల మీదికి వెళ్తుంది, నడుముకి బిగింపే అక్కర్లేదు. బాడీని ఛాతీ చుట్టుకొలత కన్నా రెండంగుళాలు వదులుగా పెట్టాను. మెడ మాత్రం జాకెట్టు మెడ కంటే వెడల్పుగా ఉండాలి, లేకపోతే పైకి కనిపిస్తుంది. బాడీకి వాడే కాటన్ బట్టను కత్తిరించే ముందే ఒకసారి తడిపి ఆరేయాలి. తర్వాత ముడుచుకుంటే పైన పట్టు ఉబ్బెత్తుగా లేస్తుంది.

లంగా పొడవు చీలమండ ఎముకకు ఒక అంగుళం పైకి. స్టేజీ మీద చెప్పులుండవు కాబట్టి ఒట్టి కాళ్లతోనే కొలవాలి. చెప్పులతో నేల దాకా కొలిచి లెక్కేస్తే ఆ మడమ ఎత్తు మేరకు లంగా కిందికి దిగి, వెనక్కి అడుగేసినప్పుడు తొక్కుకునే ప్రమాదం ఉంటుంది. మిగిలిన పొడవును కత్తిరించకుండా లోపల మడత కుట్టేశాను, వచ్చే ఏడాదికి విప్పుకోవచ్చు.

జాకెట్టు దగ్గర చాలామంది పొరబడతారు. పిల్లకి గాలాడాలని చంక కిందికి దించి వదులు చేయిస్తారు. అలా చేస్తే చెయ్యెత్తగానే జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది, ఎందుకంటే చేతికీ పక్క కుట్టుకీ మధ్య బట్ట చాలదు. చంక పైకే ఉండాలి, పట్టకుండా. మాకు కుట్టిచ్చిన జాకెట్టులో ఈ తప్పే కనబడింది. రెండు చేతులూ తల మీద జోడించమంటే కింది అంచు మూడంగుళాలు లేచి లోపలి బాడీ బయటపడింది. చంక కింద కుట్టు విప్పి, మూడంగుళాల చదరపు ముక్కను మూలలు కుట్ల వైపు వచ్చేలా వేయించాను. కుట్లలో అన్ని వైపులా అరంగుళం పోగా రెండంగుళాల ముక్క మిగిలింది. చెయ్యి దించితే ఆ ముక్క కనిపించదు, ఎత్తితే తెరుచుకుంటుంది. ఆ తర్వాత అంచు ఒక అంగుళానికి మించి లేవలేదు.

జరీ గుచ్చుకునేది పైవైపు కాదు, లోపలివైపు. అక్కడ తెగిన పోగులుంటాయి. చేతి అంచుల్లో జరీ ఉంటే లైనింగ్ సరిగ్గా అంచు దాకా రావాలి, చాలాచోట్ల అరంగుళం ముందే ఆపేస్తారు. మెడ వెనకా చేతుల చివరా ఎర్రగా కందితే కారణం ఇదే. విప్పి కుట్టే సమయం లేకపోతే లోపల సన్నని కాటన్ పట్టీ వేసినా చాలు.

ఇక నగలు. పండగ కళ మొహం చుట్టూ ఉంటే సరిపోతుంది, కాబట్టి పాపిడిబిళ్ల, బుట్టలు, జడ మాత్రమే ఉంచి వడ్డాణం మానేశాం. వంగినప్పుడు అది పొట్టలో గుచ్చుకుంటుంది. దాని బదులు జాకెట్టు అంచుకే జరీ పట్టీ కుట్టించాను, దూరానికి అందంగానే ఉంది. బుట్టలు ఎంత తేలికైనా మాటీలు పెట్టి జుట్టుకి తగిలించాలి, చెవి తమ్మె సాగదు. సవరం పెడితే జడను మెడ దగ్గర నుంచి మొదలుపెట్టండి. నడినెత్తిన మొదలైతే బరువంతా కణతల దగ్గర లాగి, గంటలోపే తలనొప్పి వస్తుంది. కనుబొమలు పైకి లాగినట్టు కనిపిస్తే జడ బిగువైనట్టే, విప్పి మళ్లీ వెయ్యాలి. గాజు గాజులు వద్దు, పక్కపిల్ల చెయ్యి తగిలి పగిలితే కోసుకుంటుంది.

రెండు రోజుల ముందు అన్నీ వేసి అరగంట ఇంట్లో తిరగనిచ్చాను. మెట్లెక్కడం, కింద కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, డ్యాన్సు ఒకసారి మొత్తం. బాడీ లంగా విప్పడం కుదరదు కాబట్టి బాత్రూంకి వెళ్లే పద్ధతి కూడా నేర్పాను: అంచంతా ముందుకి పోగుచేసి, ఒక చేత్తో గుండెల దగ్గర పట్టుకుని, రెండో చేత్తో లోపలి షార్ట్ దించుకోవాలి. ఆ షార్ట్‌కి ఎలాస్టిక్కే ఉండాలి, బొందు పనికిరాదు. ఇది మూడుసార్లు చేయించాకే తనంతట తానుగా చేసుకోగలిగింది.

ఆ రోజు సంచిలో పెట్టినవి ఆరు పిన్నీసులు, అదే రంగు దారంతో సూది, రెండు హుక్కులు. పిన్నీసు పెట్టాల్సి వస్తే పట్టుకి నేరుగా గుచ్చకుండా వెనక చిన్న గుడ్డముక్క పెట్టండి. లేకపోతే గెంతినప్పుడు పోగులు లాగి చిల్లు పడుతుంది.