మొదట రాశాను, తరువాత మాట్లాడాను: జూదం మానడానికి నేను వెతుక్కున్న తోడు

బర్మింగ్‌హామ్ వచ్చిన మూడో ఏడాది నాకు జూదం అలవాటైంది. మొదట క్రికెట్ పందేలు. తరువాత ఫోనులో రూలెట్. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఆమెకు రాత్రి డ్యూటీ పడిన రోజుల్లో పిల్లవాడిని నిద్రపుచ్చి, సోఫాలో కూర్చుని తెల్లవారుజాము దాకా ఆడేవాడిని. నాలుగేళ్లు తిరిగేసరికి అప్పు పద్దెనిమిది వేల పౌండ్లు దాటింది. ఊళ్లో మా నాన్నకు నేను దాచుకుంటున్నానని చెప్పిన సొమ్ము కూడా అందులోనే పోయింది.

ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను. ఇక్కడి తెలుగు సంఘంలో ఒకరికి తెలిస్తే ఆదివారానికల్లా అందరికీ తెలుస్తుంది. అందుకే ముఖం చూపించనక్కర్లేని చోటు వెతికాను. బ్రిటన్‌లో గ్యామ్‌కేర్ అనే ధార్మిక సంస్థ నడిపే చర్చావేదికలో, మారుపేరుతో, ఒక రాత్రి ఒంటిగంటన్నరకు రాశాను. నాలుగే వాక్యాలు. అప్పు ఎంతో రాయలేదు, భార్య ఉందని కూడా రాయలేదు. పొద్దున లేచి చూస్తే ముగ్గురు జవాబిచ్చారు. ఒకావిడ ఓదార్చలేదు, ఒకటే అడిగింది: "గ్యామ్‌స్టాప్‌లో పేరు నమోదు చేసుకున్నావా?"

అదేమిటో నాకు అప్పటికి తెలియదు. బ్రిటన్ లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ జూద సంస్థలన్నీ ఒకే నమోదుతో మనల్ని బయటే ఉంచే ఉచిత సేవ అది. ఆరు నెలలు, ఏడాది, అయిదేళ్లు అని గడువులు ఉంటాయి. ఒకసారి ఎంచుకున్న గడువును మధ్యలో రద్దు చేసుకోవడానికి లేదు. నేను అయిదేళ్లు ఎంచుకున్నాను. అదే రోజు బ్యాంకు యాప్‌లో జూదం చెల్లింపుల మీద నిషేధం పెట్టించుకున్నాను. లైసెన్సు లేని విదేశీ సైట్లకు గ్యామ్‌స్టాప్ అడ్డు కాదు కాబట్టి రెండూ కావాలని చెప్పింది కూడా ఆవిడే. ముక్కూ మొహం తెలియని మనిషి ఇచ్చిన ఆ సలహా వల్ల ఆ వారం నా జీతం నా దగ్గరే ఉంది.

చర్చావేదికలో సభ్యులు రోజూ రాసుకునే దినచర్య ఉంటుంది. నేనూ రాశాను. "ఈరోజు పన్నెండో రోజు", "ఈరోజు ఇరవయ్యో రోజు" అని. మనసు లాగినప్పుడు రాయడం మొదలుపెడితే చేతులు ఆ పనిలో ఉంటాయి. రాసి ముగించేసరికి ఆ లాగుడు సగం తగ్గేది. ఇంగ్లిషులో గబగబా మాట్లాడలేని మాలాంటి వాళ్లకు నిదానంగా రాసుకోగలగడం ఎంత ఊరటో చెప్పలేను. రాత్రి రెండు గంటలకు కూడా ఏ దేశంలోనో ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు.

కానీ ముప్పై ఎనిమిదో రోజు ఆడాను. నలభై పౌండ్లు, అలాంటి విదేశీ సైటు ఒకదానిలో, నిషేధం పెట్టని పాత కార్డుతో. మూడు రోజుల తరువాత "నలభై ఒకటో రోజు" అని రాశాను. పదకొండు మంది అభినందించారు. ఆ అభినందనలు చదువుతూ నేను అబద్ధంలో ఎంత హాయిగా ఉండగలనో మొదటిసారి తెలుసుకున్నాను. తప్పు ఆ వేదికది కాదు. అక్కడ ఎవరికీ నా ముఖం కనబడదు, అంతే. జూదగాడికి అప్పు కన్నా ముదిరిన జబ్బు అబద్ధం. అక్షరాలు మాత్రమే కనిపించే చోట అది దొరకదు.

ఆ శుక్రవారమే గ్యాంబ్లర్స్ ఎనానిమస్ సమావేశానికి వెళ్లాను. 1957లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన సంస్థ ఇది. జూదం మానాలనే కోరిక ఒక్కటి ఉంటే చాలు, రుసుము లేదు, ఇంటిపేరు అడగరు. ఒక చర్చి వెనక గదిలో పద్నాలుగు కుర్చీలు, ఒక పళ్లెంలో బిస్కెట్లు, టీ కెటిల్. మొదట చిన్న పుస్తకంలోంచి కొంత చదివారు. తరువాత కొత్తవాడినని ఇరవై ప్రశ్నలు అడిగారు. జూదం వల్ల పనివేళలు పోగొట్టుకున్నావా, అప్పు తీర్చడానికి జూదమాడావా, అలాంటివి. ఏడింటికి అవునన్నవారికి జూదం అదుపు తప్పి ఉండవచ్చని వాళ్ల లెక్క. నేను పదిహేడింటికి అవునన్నాను. తరువాత ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పుకున్నారు. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు మధ్యలో సలహా ఇవ్వరు. నా వంతు వచ్చినప్పుడు "నలభై ఐదు రోజులు" అనబోయాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని వింటున్నాడు. నా నోటి నుంచి "ఏడు రోజులు" అని వచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తప్పు పట్టలేదు. బయటికి వచ్చాక ఆయన తన ఫోను నంబరు కాగితం మీద రాసి ఇచ్చి, "ఆడిన తరువాత కాదు, ఆడబోయే ముందు చేయి" అన్నాడు.

చర్చావేదికకూ ఈ సమావేశానికీ ఉన్న తేడా నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం డబ్బు దగ్గర. ముప్పై రోజులు ఆడకుండా ఉన్నాక ఇద్దరు పాత సభ్యులు కుటుంబంతో కలిసి కూర్చుని లెక్కలు చూస్తారు. అప్పుల ఒత్తిడి తగ్గించే సమావేశం అంటారు. మా ఆవిడ కూడా రావాలి. నేను అప్పుల జాబితా రాసుకుని వెళ్లాను. ఒక క్రెడిట్ కార్డు 6,200, మరొకటి 3,900, బ్యాంకు రుణం 5,500, బావగారి దగ్గర తీసుకున్నది 800. మొత్తం 16,400. పెద్దాయన కాగితం చూసి, "ఇందులో లేని పేరు ఏదైనా ఉందా?" అన్నాడు. లేదన్నాను. ఆయన పెన్ను నా వైపు జరిపాడు. "కింద ఇంకా ఖాళీ ఉంది" అన్నాడు. మా ఆవిడ నన్ను చూడలేదు, పెన్నునే చూస్తోంది. ఆఫీసు స్నేహితుడి పేరు, పక్కన 2,000 అని రాశాను. ఆమె మెల్లగా, "వాళ్లావిడ నన్ను పండుగకు పిలిచి అంత ముభావంగా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది" అంది.

మొత్తం 18,400 అయింది. చేతికొచ్చే జీతం 2,750. అద్దె, తిండి, పిల్లవాడి ఖర్చు, ఊరికి పంపేది అన్నీ పోను మిగిలేది 460. అందరికీ ఒకే నిష్పత్తిలో కట్టాలన్నారు, అంటే ప్రతి అప్పులో నెలకు రెండున్నర శాతం. స్నేహితుడికి 50, బావగారికి 20, పెద్ద కార్డుకు 155. ఇలా అయితే నలభై నెలలు. ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకు ముందు కట్టడం, ఒకరిది తీర్చడానికి మరొకరి దగ్గర తీసుకోవడం పనికిరావు. జీతం ఇకపై మా ఆవిడ ఖాతాలోకి వెళ్తుంది. వడ్డీ ఆపమని బ్యాంకులను అడగడానికి స్టెప్‌చేంజ్ అనే అప్పుల సలహా సంస్థ సాయం చేసింది. మా విషయంలో అందరూ ఒప్పుకున్నారు. కానీ ఒప్పుకుని తీరాలనే నియమం లేదు. ఒప్పుకోకపోతే నలభై నెలలు ఇంకా పెరిగేవి. ఇలాంటి లెక్క చర్చావేదికలో జరగదు. ఎవరో సలహా రాయగలరు గానీ, పెన్ను మన వైపు జరపలేరు.

మా ఆవిడ కోసం పక్క గదిలోనే గ్యామ్‌-ఎనాన్ అని కుటుంబ సభ్యుల సమావేశం ఉండేది. నా అప్పు తన పొదుపుతో కట్టేయకూడదని ఆమె అక్కడే నేర్చుకుంది. అప్పు ఒక్కసారి తీరితే జూదగాడికి మళ్లీ ఆడటానికి వీలు దొరుకుతుందని చెప్పారట. సమావేశం ఎంచుకునేటప్పుడు భార్యో భర్తో ఉన్నవాళ్లు ఈ ఒక్కటీ అడిగి తీరాలి: ఇంట్లోవాళ్లకు చోటుందా?

అందరికీ ఇదే కుదురుతుందని నేననను. గ్యాంబ్లర్స్ ఎనానిమస్‌లో వినిపించే, మనకన్నా గొప్ప శక్తికి అప్పగించుకోవడం అనే మాట నాకు గుడికి వెళ్లే మనిషిగా సులువే, కానీ మా సహోద్యోగి ఒకరికి అది మింగుడు పడలేదు. ఆయన స్మార్ట్ రికవరీ అనే ఆన్‌లైన్ సమావేశాలకు వెళ్లాడు. అక్కడ మాటకు మాట చెప్పుకోవచ్చు, ఆలోచనలను కాగితం మీద పెట్టే సాధనాలు ఇస్తారు. నేనూ మూడు వారాలు వెళ్లాను. మనసు లాగిన ప్రతిసారీ గంట, కారణం, తీవ్రత రాసుకోమన్నారు. మూడు వారాల చివర నా కాగితంలో పదకొండు నమోదులుంటే తొమ్మిది మా ఆవిడ రాత్రి డ్యూటీ రోజులవే. దాంతో ఆ రాత్రులే పెద్దాయనకు ఫోను చేసే రాత్రులయ్యాయి.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. మధ్యలో ఎవరి పర్యవేక్షణా లేని ఒక బహిరంగ గ్రూపులో చేరాను. అక్కడ సభ్యులు ఏ సైటులో ఎంత గెలిచారో కూడా రాసేవారు. "నాలుగు వేలు గెలిచి మొత్తం పోగొట్టుకున్నాను" అనే వాక్యంలో నాకు మొదటి సగమే కనబడేది. వారంలోనే వ్యక్తిగత సందేశం వచ్చింది: పోయిన డబ్బు రాబట్టి ఇస్తాం, ముందు రెండు వందలు కట్టు. నేను ఫిర్యాదు చేసినా ఆ సందేశం నాలుగు రోజులు అక్కడే ఉంది. మంచి వేదికను ఇక్కడే గుర్తుపట్టవచ్చు. సైట్ల పేర్లు, గెలుపు మొత్తాలు రాయనివ్వరు, సందేశాలను పర్యవేక్షించేవాళ్ల పేర్లు కనిపిస్తాయి, ఎవరూ డబ్బు అడగరు.

నిరుడు హైదరాబాదు నుంచి మా పిన్ని కొడుకు ఫోను చేశాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. అయినా తనకు వేరే దారులు దొరుకుతున్నాయని ఏడ్చాడు. తెలుగులో మాట్లాడగలిగే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 ముందు ఇచ్చాను. తరువాత, "ఎన్ని గంటలకు ఆడతావురా?" అని అడిగాను.

"పన్నెండు దాటాక, అన్నయ్యా. అందరూ పడుకున్నాక."

వేసవిలో ఇక్కడ రాత్రి ఏడున్నర అంటే వాడికి అర్ధరాత్రి. ఆ వేళకే మొదలయ్యే ఆన్‌లైన్ సమావేశం లింకు పంపాను. కెమెరా వేయనవసరం లేదని, మాట్లాడనవసరం లేదని చెప్పాను. ఆ శుక్రవారం తెర మీద నల్లటి గడి ఒకటి కొత్తగా కనబడింది. పేరు చోట ఒక్క అక్షరం. సమావేశం ముగిసేదాకా అది అక్కడే ఉంది. మూడో వారం ఆ గడిలో వెలుగు వచ్చింది.