మీసాలాయన్ని ఐదు వైపుల నుంచి

వాంకూవర్‌లో నా ఉద్యోగం పేరు క్యారెక్టర్ డిజైనర్. పిల్లల టీవీ కార్టూన్లకు మనుషుల్నీ జంతువుల్నీ తయారుచేస్తాను. నిజానికి నేను గీసిన బొమ్మ తెర మీద కదలదు. దాన్ని చూసి వేరేవాళ్లు గీసిందే కదులుతుంది. కథ, డిజైన్, స్టోరీబోర్డు ఇక్కడ అయ్యాక యానిమేషన్‌లో కొంత భాగం హైదరాబాద్‌కు వెళ్తుంది.

ఇక్కడికి రాకముందు నేనూ అక్కడే, అలా వచ్చిన షీట్లు, అంటే పాత్రను ఎటు నుంచి ఎలా గీయాలో చూపే కాగితాలు, ముందు పెట్టుకుని పనిచేశాను. పక్క నుంచి చూస్తే చెవి ఎక్కడ మొదలవుతుందో షీట్‌లో లేకపోతే మెయిల్ పెట్టేవాళ్లం. రెండు ఊళ్లకీ పన్నెండు గంటలకు పైనే తేడా. జవాబు మర్నాటికి గానీ రాదు. ఈలోగా షాట్ ఆగిపోతుంది, లేదంటే నలుగురు కూర్చుని నాలుగు రకాల చెవులు గీస్తారు. అందుకే నేను షీట్ వేసేటప్పుడు ముందు ఆలోచించేది అందం గురించి కాదు. నన్ను అడిగే వీల్లేని మనిషికి ఎక్కడ సందేహం వస్తుంది అన్నదే చూస్తాను.

ఈమధ్య చేసిన ఒక పాత్ర సంగతి చెబుతాను. దీవుల మధ్య తిరిగే పడవలో టికెట్లు చూసే పెద్దాయన. చిన్న పాత్రే, కానీ చాలా ఎపిసోడ్లలో కనిపిస్తాడు. డైరెక్టర్ చెప్పింది రెండే మాటలు: ఒడ్డూ పొడుగూ ఉండకూడదు, కానీ దారికి అడ్డంగా నిలబడితే ఎవరూ దాటలేరనిపించాలి.

ఒళ్లంతా జామకాయలా కింద బరువుగా పెట్టాను. మెడ లేదు. దాని మీద కొంచెం చదునైన డ్రమ్ము ఆకారంలో తల, మధ్యలో గుండ్రటి ముక్కు, దాని కింద అర్ధచంద్రాకారపు మీసం, పైన బిళ్లలాంటి టోపీ. కాళ్లు రెండు పొట్టి గొట్టాలు. తలను కొలతగా తీసుకుంటే మనిషి మొత్తం ఎత్తు మూడు తలలు. కథలోని మిగతావాళ్లందరినీ పక్కన వరుసగా నిలబెట్టి, అందర్నీ నల్లరంగుతో నింపి, బొటనవేలంత సైజుకు తగ్గించి చూస్తాం. ఆ సైజులో కూడా ఆయన్ని చూడగానే గుర్తుపట్టగలగాలి.

సింపుల్ ఆకారాలు ఎందుకంటే గీయడం తేలికని చాలామంది అనుకుంటారు. అసలు కారణం తిప్పడం తేలిక కావడం. గోళం ఎటు నుంచి చూసినా వృత్తమే, కాబట్టి ముక్కుతో గొడవలేదు. పొట్ట అలా కాదు. ఎదురుగా చూస్తే రెండువైపులా సమానంగా ఉబ్బుతుంది. పక్కకు తిప్పితే ఆ ఉబ్బు ఎటు పోవాలి? ఎదుటి బొమ్మ ఒక్కటే ఇస్తే కొందరు ముందుకు లాగుతారు, కొందరు వీపు కూడా ఉబ్బిస్తారు. పొట్ట ముందుకు, వీపు నిటారుగా అని ముందే తేల్చేశాను. ఆయన నిలబడే తీరు, ఆ మొండితనం ఆ వీపులోనే ఉంది.

పాత్రను చుట్టూ తిప్పి చూపే షీట్‌ను టర్న్ అరౌండ్ అంటాం. అందులో ఐదు బొమ్మలు: ఎదురు, ఎదురుకూ పక్కకూ మధ్య కోణమైన ముప్పావు, పక్క, వెనక ముప్పావు, వెనక. అవతలి వైపు బొమ్మలు మూడూ వీటిని అద్దంలో తిప్పితే వస్తాయి. ఐదింటి మీదుగా అడ్డగీతలు లాగుతాం: టోపీ పైభాగం, టోపీ అంచు, కళ్లు, మీసం కింది అంచు, గడ్డం, బెల్టు, నేల. ప్రతి బొమ్మలోనూ ఆ భాగం ఆ గీత మీదే పడాలి. నేనైతే ముప్పావు బొమ్మతోనే మొదలుపెడతాను. ఎదుటి బొమ్మలో లోతు కనపడదు కాబట్టి ఏ తప్పయినా దాక్కుంటుంది. ముప్పావులో దాక్కోదు. చొక్కా మధ్యగీత పొట్ట మీదుగా వంపు తిరగాలి, బొత్తాలు ఆ వంపునే పట్టుకుని దిగాలి. అవతలి కన్ను సన్నబడాలి, అవతలి సగం మీసం పొట్టిదవ్వాలి. మధ్యగీత నిటారుగా ఉండిపోయిందంటే పొట్ట అట్టముక్కలా కనిపిస్తుంది. ఐదింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి గబగబా మార్చి చూస్తే మనిషి తిరుగుతున్నట్టుండాలి. మధ్యలో తల ఒక్కసారి ఉబ్బి తగ్గినట్టనిపిస్తే, అక్కడ కొలత తప్పిందన్నమాట.

అద్దంలో తిప్పే సంగతి దగ్గరే మొదట ఆయన ఎడమ జేబులో పెట్టిన పెన్ను పోయింది. బొమ్మను తిప్పితే పెన్ను కుడివైపుకు దూకుతుంది. వేరే బొమ్మలు గీయిస్తే ఖర్చు. పెన్ను తీసేసి ఛాతీ మీద విజిల్ వేలాడదీశాను, సరిగ్గా మధ్యలో.

కొన్నిచోట్ల లోతును కావాలనే పట్టించుకోం. మిక్కీ మౌస్ తల ఎటు తిరిగినా చెవులు గుండ్రంగానే కనపడతాయి కదా, నిజమైన తలకు అది కుదరదు. మా వాడుకలో అది చీట్. మా పెద్దాయనకూ అలాంటిది ఒకటి ఉంది. ఆయన కనుబొమ్మలు ఎంత పైకి లేచినా టోపీ అంచు వెనక్కి పోవు, టోపీ మీదే గీస్తాం. ఇలాంటివి షీట్‌లో బాణం గుర్తు వేసి రాయకపోతే హైదరాబాద్‌లో ఎవరో బుద్ధిగా సరిచేసేస్తారు. ఒకసారి కాల్‌లో అక్కడి కుర్రాడు, “అన్నా, పక్క నుంచి చూసినప్పుడు కూడా కనుబొమ్మ టోపీ మీదేనా, లేక అంచు కిందా?” అని అడిగాడు. మంచి ప్రశ్న. టోపీ మీదే అన్నాను, ఆ బొమ్మ కూడా షీట్‌లో చేరింది.

ఎక్కువ సమయం తిన్నది ఎక్స్‌ప్రెషన్ షీట్. మీసం నోటిని కప్పేసింది కాబట్టి నవ్వూ ఏడుపూ నోటితో చెప్పలేం. కనుబొమ్మలు, కింది రెప్పలు, మీసం, ఈ మూడింటితోనే నడపాలి. మీసం కొనలు పైకి లేస్తే నవ్వు అని ఇక్కడివాళ్లకు వెంటనే అర్థమైంది. నాకు మాత్రం కొనలు లేచిన మీసం చూస్తే ఎవరికో సవాలు విసురుతున్నట్టే ఉంటుంది, మన సినిమాల పుణ్యం. అందుకని నవ్వులో మీసంతోపాటు బుగ్గల్ని కూడా లేపి, కింది రెప్పల్ని పైకి నెట్టాను. రెప్ప కదలకుండా మీసం ఒక్కటే లేస్తే అది పొగరే. ఇప్పుడు రెండూ షీట్‌లో పక్కపక్కనే ఉన్నాయి.

భావాల పేర్లు మాత్రమే రాయడం నాకు ఇష్టముండదు. ‘కోపం’ అని రాస్తే ఒక్కొక్కరికీ ఒక్కో కోపం. ‘టికెట్ లేని పిల్లాడు దొరికాడు’, ‘పడవ ఆయన్ని వదిలి వెళ్లిపోయింది’ అని రాస్తే రెండు ముఖాలూ వేరవుతాయి. మొదటిదానిలో తల కాస్త కిందికి నొక్కుకుని పక్కలకు వెడల్పవుతుంది, రెండోదానిలో గడ్డం దిగి తల పొడవవుతుంది. నొక్కినప్పుడు పక్కకు పెరగకపోతే తల చిన్నదైపోయినట్టు ఉంటుంది. సాగినా నొక్కినా కదిలేది కళ్ల కింది భాగమే, టోపీ ఉన్న భాగాన్ని ముట్టుకోం. ఈ ముఖాల్లో సగం పైగా ముప్పావు కోణంలోనే గీశాను, షోలో ఆయన ఎక్కువగా కనిపించేది అలాగే.

షీట్ వెళ్లింది, ప్రశ్నలు తగ్గాయి. ఇప్పుడు వాన ఎపిసోడ్ వచ్చింది. రెయిన్‌కోట్ వేస్తే బెల్టు గీత కనపడదు, అందుకని మళ్లీ ఐదు బొమ్మలు. హుడ్ టోపీ మీదుగా వేస్తాడా, టోపీ తీసేస్తాడా అని అక్కడి నుంచి అడిగారు. టోపీ తీస్తే కింద జుట్టుందో బట్టతల ఉందో చెప్పాలి. డైరెక్టర్ ఇంకా తేల్చలేదు.