కానుక పుస్తకం, మూడో ప్రయత్నం: ముందు అట్ట ఎందుకు వంగింది?

కానుకగా ఇవ్వడానికి నేను కుట్టిన రాత పుస్తకం ముందు అట్ట చివరికి చదునుగా నిలిచింది! నిన్న రాత్రి బరువుల కింద నుంచి తీసి బల్ల మీద ఉంచాను. పొద్దున స్కేలు నిలువుగా ఆనించి చూస్తే మధ్యలో పలుచని కాగితం కూడా దూరలేదు. పన్నెండు రోజులుగా నా బుర్ర తింటున్న వంపు పోయింది. కానుకల రోజుకు ఇంకా నాలుగు రోజులుంది.

తెలియనివారి కోసం: ఆఫీసులో చీటీలు తీసి, ఎవరి పేరు వస్తే వారికి రహస్యంగా కానుక ఇవ్వాలి. ఖర్చుకు పరిమితి చాలా తక్కువ. ఇంట్లో మిగిలిన సామగ్రి వాడుకోవచ్చు, కొత్తగా కొన్నదే లెక్కలోకి వస్తుంది. నా చీటీలో వచ్చిన పేరు తన గురించి ఒక్క ముక్క కూడా బయటపెట్టని సహోద్యోగిది. ఆవిడ బల్ల మీద ఫొటో లేదు, బొమ్మ లేదు, మొక్క కూడా లేదు. ఆవిడకు ఏమిష్టమో పక్కవారిని అడగడం నాకు ససేమిరా నచ్చలేదు. తాను చెప్పుకోని సంగతులను మనం కూపీ లాగి తెలుసుకున్నామని తెలిస్తే ఎంత మంచి కానుకైనా ఆవిడకు ముల్లులా గుచ్చుకుంటుంది. అందుకే మీటింగుల్లో అందరి కళ్లెదుటా కనిపించేవి మాత్రమే లెక్కలోకి తీసుకున్నాను. అవి రెండే. ఆవిడ ఇంకు పెన్నుతో రాస్తారు. రాయడం అయిపోగానే పుస్తకం మూసి, దాని మీద చేయి ఉంచుతారు.

అంతే, చేతిలో ఇమిడే ఎ6 పుస్తకం కుట్టాలని నిర్ణయించుకున్నాను. మీద పేరు ఉండదు, బొమ్మ ఉండదు, ముదురు నీలం కాగితం మాత్రమే. అందరి ముందూ పొట్లం విప్పినప్పుడు ఎవరూ ఏమీ అడగడానికి వీల్లేని వస్తువు కావాలి. పైగా నేను పుస్తకాలు కుడతానని ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి తెలుసు. వెన్ను మీద కుట్టు కనిపించేలా చేయడం నాకు అలవాటు. దాన్ని చూస్తే ఇట్టే పట్టేస్తారు కాబట్టి ఈసారి వెన్నుకు నల్ల క్యాలికో గుడ్డ వేసి కుట్టు దాచేశాను.

ఎ6 ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. మామూలు ఎ4 కాగితంలో నారలు ఎక్కువగా పొడుగు వైపే సాగుతాయి. దాన్ని అడ్డంగా మడిచి ఎ5 చేస్తే నారలు వెన్నుకు అడ్డంగా పడి, పేజీలు బిరుసుగా తెరుచుకుంటాయి. అదే ఎ4ను రెండు ఎ5 ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను మళ్లీ మడిస్తే నారలు వెన్నుకు సమాంతరంగా వస్తాయి. పన్నెండు ఎ4 కాగితాలతో 96 పేజీల పుస్తకం వచ్చింది. ఇంకు పెన్నుకు టోమోయ్ రివర్ కాగితం నాకు ప్రాణం, కానీ ఈ పరిమితిలో దాని ఊసెత్తలేం. 90 జీఎస్ఎం నునుపు కాగితం కొన్నాను. ఇంకు వెనక్కి దిగలేదు. కుట్టు మొదటిసారికే బిగువుగా కుదిరింది.

ఇక ఆ వంపు సంగతి. మొదటి పుస్తకం 2 మి.మీ. అట్టతో చేశాను. అట్ట ఎత్తు 154, వెడల్పు 102 మి.మీ. ఆరాక చూస్తే వెనక అట్ట బల్లలా చదునుగా ఉంది. ముందు అట్టకు మాత్రం పై అంచూ కింది అంచూ బయటికి లేచాయి. స్కేలు నిలువుగా ఆనిస్తే మధ్యలో 4 మి.మీ. ఖాళీ. రెండు రోజులు బరువు కింద ఉంచితే సర్దుకున్నట్టే ఉండి, బరువు తీసిన మర్నాటికి మళ్లీ 3 మి.మీ. లేచింది.

జిగురులో నీళ్లు ఎక్కువయ్యాయని ముందు అనుకున్నాను. అందరూ పొగిడే మైదా జిగురే వాడాను మరి. సర్దుకోవడానికి సమయమిస్తుందన్న మాట నిజమే గానీ కాగితాన్ని బాగా తడిపేస్తుంది. చిన్న పుస్తకాలకు నా ఓటు తెల్ల జిగురుకే. రెండో పుస్తకానికి తెల్ల జిగురును పలుచగా పూసి, మూడు రోజులు బరువు కింద ఉంచాను. వంపు 4 నుంచి 2.5 మి.మీ.కి తగ్గింది, పోలేదు. మళ్లీ ముందు అట్టే! జిగురు తప్పయితే వెనక అట్ట కూడా వంగాలి కదా. అట్టలు రెండూ ఒకే పలకలోంచి ఒకే దిశలో కోసినవి. లోపల అంటించిన కాగితాలూ ఒకటే. ఆ రాత్రి విసుగొచ్చి పుస్తకాన్ని సొరుగులో పడేశాను.

గుట్టు విప్పింది అట్టల మీద అంటించే నీలం కాగితంలో మూడో ముక్క. పాత ఆల్బం పనిలో మిగిలినవి మూడు ముక్కలు, ఒక్కొక్కటి 190 × 297 మి.మీ. మూడో ముక్క వెనక నేను ముందే పెన్సిలుతో కోత గీతలు గీసి ఉంచాను. వాటిని చూస్తూ ఆగిపోయాను. ఒక్కో అట్ట తొడుగుకు 184 × 100 మి.మీ. కావాలి. రెండూ పక్కపక్కన నిలువుగా పెడితే 200 మి.మీ. వెడల్పు అవసరం, ఉన్నది 190. అందుకని ఒకటి నిలువుగా, రెండోది అడ్డంగా గీశాను. సాదా నీలం కాబట్టి తిప్పినా కంటికి తేడా తెలియదు. బొమ్మలున్న కాగితమైతే ఆ పని చేసేవాడినే కాదు.

అడ్డంగా కోసినదే ముందు అట్టకు వెళ్లింది. తడిసిన కాగితం నారలకు అడ్డంగా ఎక్కువ సాగుతుంది, ఆరేటప్పుడు అదే దిశలో ముడుచుకుంటుంది. వెనక అట్టకు బయటి కాగితమూ లోపలి కాగితమూ ఒకే దిశలో లాగాయి కాబట్టి సరితూగాయి. ముందు అట్టకు బయటిది పై నుంచి కిందికి లాగుతుంటే లోపలిది పక్కకు లాగింది. ఒకదాన్ని ఒకటి ఆపలేదు. నిజమేనా అని కోతలో మిగిలిన తునకను 5 సెం.మీ. చదరంగా కత్తిరించి, ఒక వైపు తడి గుడ్డతో అద్దాను. రెండు క్షణాల్లో గొట్టంలా చుట్టుకుంది. గొట్టం ఏ వైపు పడుకుంటే నారలు ఆ వైపు. నా అనుమానం నిజమే.

మూడో పుస్తకానికి క్యాలికోను అట్ట మీదికి 20కి బదులు 28 మి.మీ. తెచ్చాను. కాగితం వెడల్పు 92కు తగ్గింది. రెండూ నిలువుగా 184లో పట్టాయి, ఇంకా 6 మి.మీ. మిగిలింది. చూడటానికి వెన్ను కాస్త వెడల్పుగా ఉంది, నాకు అదే నచ్చింది. వంపు సున్నా.

పొట్లం మీద పేరు నా చేతిరాతతో ఉండకూడదు, చీటీ అచ్చు తీయాలి. లోపల శుభాకాంక్షలు కూడా రాయడం లేదు, మొదటి పేజీ ఆవిడదే. రెండో పుస్తకాన్ని తిరిగి విప్పి, ముందు తొడుగు మాత్రం మార్చి నేను వాడుకుంటాను. ఆ తర్వాత ఎ5 మొదలుపెట్టాలి. ఎ3 కాగితాన్ని పొడుగు మధ్యలో రెండుగా కోస్తే వచ్చే ఎ4లో నారలు పొట్టి వైపు సాగుతాయి, అప్పుడు మడిస్తే దిశ సరిగ్గా కుదరాలి. కొనే ముందు కట్టలోంచి ఒక్క కాగితం తడిపి చూడనిస్తారేమో అడగాలి.